వీఎఫ్‌డీలు బైపాస్ చేయకండి, ప్రెషర్ సెట్‌పాయింట్ దించనివ్వండి: మా భవన కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ సభ్యులకు, మన భవనంలో ఆఫీసులు నడుపుకుంటున్న అందరికీ నమస్కారం.

విజయవాడ బందరు రోడ్డు మీది మన ఆరంతస్తుల భవనంలో ఏసీ ప్లాంటు చూసుకునేవాణ్ని నేను. అంతస్తులకు చల్లగాలి తోసే యంత్రాలు ఏహెచ్‌యూలు, వాటి ఫ్యాన్ల వేగాన్ని పెంచీ తగ్గించీ నడిపేవి వీఎఫ్‌డీలు. కిందటి నెల సమావేశంలో ఒక మాట వచ్చింది. "లక్షలు పోసి ఏహెచ్‌యూలకు వీఎఫ్‌డీలు పెట్టించాం. కాంట్రాక్టరు చెప్పినంత కరెంటు మిగల్లేదు. ఇక వాటికి ఏఎంసీ కట్టడం దండగ. పాడైనదాన్ని పాడైనట్టు బైపాస్‌లో వేసి నడిపేద్దాం." వచ్చే సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడతారని విన్నాను. అది జరగకముందే నాలుగో అంతస్తులో నేను చూసింది మీ ముందు పెట్టాలనిపించింది. అద్దెదార్లు కూడా చదవాలని దీన్ని బహిరంగంగా రాస్తున్నాను. కామన్ ఏసీ కరెంటు ఖర్చును చదరపు అడుగుల లెక్కన కడుతున్నది వాళ్లే కదా.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. కాంట్రాక్టరు చెప్పినంత మిగల్లేదన్న మీ మాట నిజమే. తేడా ఎక్కడుందో అంకెల్లోనే చెబుతాను.

నాలుగో అంతస్తు ఏహెచ్‌యూ ఫ్యాను నిండు లోడులో నిమిషానికి 18,000 ఘనపుటడుగులు, అంటే 18,000 సీఎఫ్‌ఎం గాలి తోస్తుంది. అప్పుడు అది లాగే కరెంటు 15.5 కిలోవాట్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు అంత గాలి అవసరం పడదు, అరవై శాతం చుట్టూనే ఉంటుంది. ఫ్యాను వేగం తగ్గితే గాలి అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కరెంటు మాత్రం వేగం ఘనం చొప్పున తగ్గుతుంది. కాంట్రాక్టరు ఈ సూత్రం పట్టుకుని 0.6ను మూడుసార్లు గుణించి, 15.5 కిలోవాట్లు కాస్తా 3.3కు వస్తుందని పట్టిక వేసి ఇచ్చాడు. వీఎఫ్‌డీ తెర మీద కనిపించింది 7.5. సగానికి తగ్గింది, కానీ చెప్పినదానికి రెండింతల పైన ఉంది.

సూత్రం తప్పు కాదు. దాని వెనకున్న షరతును పట్టికలో రాయలేదు, అంతే. గాలి తగ్గేకొద్దీ ఫ్యాను ఎదుర్కోవలసిన ప్రెషరు కూడా దానంతట అది పడిపోయే చోటే ఆ ఘనం లెక్క కుదురుతుంది. మన ఏహెచ్‌యూలో ఆ ప్రెషరును పడనివ్వకుండా మనమే పట్టి ఉంచాం.

ఎలాగంటే, ప్రతి గదికీ పైన ఫాల్స్ సీలింగులో ఒక వీఏవీ బాక్సు ఉంది. గది చల్లబడితే అందులో గాలికి అడ్డుపడే రెక్క, అంటే డ్యాంపర్, కొంచెం మూసుకుంటుంది, వేడెక్కితే తెరుచుకుంటుంది. డ్యాంపర్లు మూసుకుంటుంటే డక్టులో ప్రెషరు పెరుగుతుంది. మెయిన్ డక్టులో మూడింట రెండొంతుల దూరాన ఉన్న సెన్సరు ఆ పెరుగుదలను చూసి వీఎఫ్‌డీకి చెబుతుంది, వీఎఫ్‌డీ ఫ్యాను వేగం తగ్గిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే సెన్సరు దగ్గర ప్రెషరు ఎంత ఉండాలో చెప్పే అంకె, అంటే సెట్‌పాయింట్, ఏసీని నడిపే మన కంప్యూటరు వ్యవస్థ బీఎంఎస్‌లో పొద్దునా సాయంత్రమూ, రోహిణి కార్తెలోనూ సంక్రాంతిలోనూ ఒక్కటే. 500 పాస్కల్. గదులకు 150 పాస్కల్ చాలే రోజున కూడా ఫ్యాను 500 కోసం తిరుగుతుంది. ఎక్కువైన 350ని డ్యాంపర్లు మూసుకుని గాల్లోనే చంపేస్తాయి. పొలంలో మోటారు నడుస్తుండగా గేటువాల్వు సగం మూసి మడికి నీళ్లు పెట్టినట్టు.

ఆ 500 ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. భవనం ప్రారంభించినప్పుడు బ్యాలెన్సింగు చేసినవాళ్లు పెట్టి వెళ్లింది 375. రెండేళ్ల కిందట మే నెలలో నాలుగో అంతస్తు పడమటి మూల గది నుంచి రోజూ కంప్లైంటు వచ్చేది. ఎండ నలభై నాలుగు దాటిన రోజులవి. ఏం చేయాలో తోచక సెట్‌పాయింట్‌ను 500కు పెంచింది నేనే. కంప్లైంటు ఆగింది. వానలు పడ్డాక తిరిగి దించాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. ఒక్క గది కోసం పెంచిన ప్రెషరును అంతస్తు మొత్తం రెండేళ్లుగా మోస్తోంది.

ఈ కార్తీక మాసంలో మేనేజరుగారి అనుమతి తీసుకుని మూడు రోజులు ఒక పని చేశాను. మధ్యాహ్నం మూడింటికి అంతస్తు మొత్తం గాలి 10,800 సీఎఫ్‌ఎం, అంటే సరిగ్గా అరవై శాతం దగ్గర నిలబడినప్పుడు, సెట్‌పాయింట్‌ను పది నిమిషాలకోసారి 25 పాస్కల్ చొప్పున చేత్తో దించుతూ వచ్చాను. మొదలుపెట్టినప్పుడు ఫ్యాను 40 హెర్ట్జ్ మీద ఉంది, నిండు వేగం 50. ఇరవై రెండు బాక్సుల్లో చాలావాటి డ్యాంపర్లు 25 నుంచి 45 శాతమే తెరిచి ఉన్నాయి. ఎవరైనా ముందుగా చూడవలసింది ఈ అంకెనే. గదులు హాయిగా ఉండి, డ్యాంపర్లన్నీ సగం కన్నా తక్కువ తెరిచి ఉన్నాయంటే ఫ్యాను అనవసరంగా కష్టపడుతున్నట్టే.

మొదటి రోజు 425 దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. పడమటి మూల గది డ్యాంపర్ నూరు శాతం తెరుచుకున్నా, 700 సీఎఫ్‌ఎం కావలసిన చోట 600 కూడా రావడం లేదు. మిగతా ఇరవై ఒక్క బాక్సులూ నిశ్చింతగా ఉండగా ఇదొక్కటే ఎందుకు ఇలా ఉందని సాయంత్రం నిచ్చెన వేసి సీలింగు పలక తీసి చూశాం. బాక్సుకు గాలి తెచ్చే ఫ్లెక్సిబుల్ డక్టు మీద నెట్‌వర్క్ కేబుల్ ట్రే కూర్చుని ఉంది. గుండ్రంగా ఉండవలసిన గొట్టం చపాతీలా నలిగింది. రెండేళ్ల కిందట నేను ప్రెషరు పెంచింది ఈ నలిగిన గొట్టంలోంచి గాలి తొయ్యడానికన్నమాట. ట్రేకి వేరే హ్యాంగర్లు వేసి పైకి లేపి, గొట్టం మార్చి, తిన్నగా లాగి కట్టాం. పూట పని.

రెండో రోజు 300 దగ్గర ఇంకో అడ్డు తగిలింది. సెట్‌పాయింట్ దించుతున్నా అసలు ప్రెషరు 310 దగ్గరే నిలిచిపోయింది. ఏ డ్యాంపరూ నిండుగా తెరుచుకోలేదు. వీఎఫ్‌డీ తెర మీద 35.0 అని కదలకుండా ఉంది, కరెంటు 5.3 కిలోవాట్లు. అమర్చినవాళ్లు కనిష్ఠ ఫ్రీక్వెన్సీని 35 హెర్ట్జ్‌గా పెట్టి వెళ్లారు. ఆ గీత కిందికి ఫ్యాను దిగదు. సెట్‌పాయింట్ కన్నా ప్రెషరు ఎక్కువ, ఫ్రీక్వెన్సీ మాత్రం ఒకే అంకె మీద బిగుసుకుని ఉందంటే కారణం ఇదేనని తెలుసుకోవచ్చు. మోటారు కంపెనీ పట్టిక చూసి, ఫ్యాను లోడుకు 20 హెర్ట్జ్ దాకా చల్లదనం సరిపోతుందని నిర్ధారించుకుని కనిష్ఠాన్ని 20కి మార్చాం.

మూడో రోజు 150 దాకా దిగాం. అప్పుడు మూడు డ్యాంపర్లు తొంభై శాతం దగ్గరికి వచ్చాయి, మిగతావి అరవై, డెబ్భైల్లో ఉన్నాయి. ఫ్యాను 31 హెర్ట్జ్. కరెంటు 3.7 కిలోవాట్లు. మొత్తం గాలి అదే 10,800 సీఎఫ్‌ఎం. మొదట 7.5 లాగిన పని ఇప్పుడు 3.7తో జరిగింది. కాంట్రాక్టరు పట్టికలో ఉన్న 3.3కు ఇంత దగ్గరికి రావడం అదే మొదటిసారి. మిగిలిన ఆ కాస్తా డక్టులో ఇంకా పట్టి ఉంచిన 150 పాస్కల్‌కూ, తక్కువ లోడులో మోటారు, వీఎఫ్‌డీ తినే నష్టానికీ పోయింది.

ఆ సాయంత్రం నాలుగో అంతస్తు ఆఫీసు మేడమ్‌గారు కిందికి వచ్చి, "ఏసీ ఆపేశారా అండీ? కాన్ఫరెన్స్ రూములో ఆ బుసబుస వినిపించడం లేదు" అని అడిగారు. "నడుస్తోందమ్మా, రండి" అని పైకి తీసుకెళ్లి గది ఉష్ణోగ్రత చూపించాను. 24. పొద్దున ఎంతుందో అంతే. ఇన్నాళ్లూ విన్న ఆ బుస, పావు వంతే తెరిచిన డ్యాంపర్ సందులోంచి 500 పాస్కల్ గాలి దూసుకొచ్చే చప్పుడు. ఆమెకు వచ్చిన అనుమానం మీలో చాలామందికి వస్తుందని తెలుసు. ప్రెషరు దించితే గాలి తగ్గదా అని. తగ్గదు. మన బాక్సులకు గాలిని కొలిచే సెన్సర్లు ఉన్నాయి. గదికి 500 సీఎఫ్‌ఎం కావాలంటే, ప్రెషరు ఎక్కువున్నప్పుడు డ్యాంపర్ కొంచెం తెరిచి అంతే ఇస్తుంది, తక్కువున్నప్పుడు ఎక్కువ తెరిచి అంతే ఇస్తుంది. డ్యాంపర్ పూర్తిగా తెరిచాక కూడా చాలనప్పుడే గదికి లోటు. ఆ స్థితి రాకముందే ప్రెషరును తిరిగి పెంచాలి.

చేత్తో ఇదంతా రోజూ చేయలేం. పొద్దున తొమ్మిదింటికి కావలసింది ఒకటి, మధ్యాహ్నం కావలసింది ఇంకొకటి. ఆ పని బీఎంఎస్ కంట్రోలర్ చేయాలి. దీన్నే స్టాటిక్ ప్రెషర్ రీసెట్ అంటారు. గదుల బాక్సులు కంట్రోలర్‌కు కలిసి ఉన్న వ్యవస్థల్లో ఇది ఉండాలని ఏసీ ఇంజనీర్ల సంస్థ అష్రే వారి 90.1 ప్రమాణమే చెబుతోంది. ఎలా చేయాలో అదే సంస్థ 2018లో తెచ్చిన గైడ్‌లైన్ 36 అడుగడుగునా రాసింది. పద్ధతి కష్టమైనది కాదు. కంట్రోలర్ ప్రతి రెండు నిమిషాలకూ సెట్‌పాయింట్‌ను 12 పాస్కల్ దించుతూ పోతుంది. ఏ బాక్సు డ్యాంపర్ అయినా 95 శాతం దాటితే ఆ బాక్సు ఒక వినతి పంపినట్టు. అది 85 కిందికి దిగేదాకా ఆ వినతి నిలిచే ఉంటుంది. గాలి బాగా లోటు పడితే ఒకే బాక్సు రెండు, మూడు వినతులు కూడా పంపుతుంది. రెండు వినతుల వరకు కంట్రోలర్ పట్టించుకోదు. అంతకు మించితే పైనున్న ఒక్కో వినతికీ 15 పాస్కల్ చొప్పున, ఒక్కసారికి 32 మించకుండా పెంచుతుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. తరవాత భవనాన్ని బట్టి సవరించుకోవాలి. దిగడం నెమ్మదిగా, ఎక్కడం చురుగ్గా ఉండటంలోనే దీని కీలకమంతా ఉంది. గదిలో మనిషికి ఉక్క తెలిసేలోపు ప్రెషరు అందాలి, మిగులు మాత్రం తీరిగ్గా తగ్గినా ఫర్వాలేదు.

అయితే ఈ రీసెట్ పెట్టించిన కొన్నాళ్లకు "ఏమీ మిగల్లేదు" అనే మాట మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. దానికి కారణం ఇప్పటికే రెండో అంతస్తులో కనిపించింది. అక్కడా చేత్తో దించి చూశాను, 400 కిందికి రానివ్వలేదు. ఒక ఆఫీసువాళ్లు చిన్న గదిని యూపీఎస్ గదిగా మార్చుకుని, థర్మోస్టాట్ 18 మీద పెట్టారు. ఆ గదికున్న బాక్సు 300 సీఎఫ్‌ఎం ఇచ్చేది. బ్యాటరీల వేడికి ఆ గాలి ఎన్నటికీ చాలదు. డ్యాంపర్ ఏసీ నడిచినంతసేపూ నూరు శాతం తెరిచి, గాలి చాలలేదని మొర పెడుతూనే ఉంటుంది. అలాంటి గది ఒక్కటుంటే రెండు వినతుల మినహాయింపు చాలావరకు కాపాడుతుంది. నాలుగైదు ఉంటే సెట్‌పాయింట్ పైకెక్కి అక్కడే కూర్చుంటుంది, రీసెట్ ఉన్నా లేనట్టే. కొందరు ఆ గదుల వినతులను కంట్రోలర్‌లోనే సున్నా చేసేస్తారు. అది ఆఖరి దారిగా ఉండాలి. ఎందుకంటే నాలుగో అంతస్తులో అలా సున్నా చేసి ఉంటే నలిగిన గొట్టం ఇప్పటికీ నలిగే ఉండేది, ఆ గదిలో కూర్చునే ముగ్గురూ ఉడికిపోతూనే ఉండేవారు. యూపీఎస్ గదికి విడిగా చిన్న స్ప్లిట్ ఏసీ పెట్టుకోవాలి. మిగతా అంతస్తుల్లో ఏ బాక్సు ఎన్ని గంటలు వినతి పంపిందో వారం పాటు బీఎంఎస్‌లో రికార్డు చేస్తే, ఇలాంటి గదులు జాబితాగా బయటపడతాయి.

ఇంకొక చిన్న చిక్కు ఉంది. మూడో అంతస్తు బాక్సుల డ్యాంపర్ మోటార్లు తామెంత తెరుచుకున్నాయో నిజంగా కొలిచి చెప్పవు, ఎంతసేపు తిరిగాయో లెక్కగట్టి అంచనాగా చెబుతాయి. రోజులు గడిచేకొద్దీ ఆ అంచనా తప్పుతుంది. అక్కడ ప్రతి రాత్రీ డ్యాంపర్లను పూర్తిగా మూయించి సున్నా సరిచూసుకునేలా ప్రోగ్రాం పెట్టాలి.

మన ఊరి ఉక్కపోత గురించి ఒక సభ్యులు అడిగారు. దానికీ జవాబు ఉంది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ కరెంటు తగ్గించే పేరుతో కాయిల్ నుంచి వచ్చే గాలిని వెచ్చబరిస్తే తేమ తీయడం తగ్గుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన విజయవాడలో అది పనికిరాదు. ప్రెషర్ రీసెట్ ఆ జోలికి పోదు. కాయిల్ నుంచి గాలి ఇప్పటిలాగే 13 డిగ్రీలకు వస్తుంది, గదులకు అంతే గాలి వెళుతుంది. మారేది డక్టులోని ప్రెషరు ఒక్కటే.

ఎప్పుడు మిగలదో కూడా చెప్పాలి. మే నెలాఖరు మధ్యాహ్నాల్లో గదులన్నీ నిండుగా గాలి అడుగుతాయి. అప్పుడు సెట్‌పాయింట్ 375 దగ్గరే ఉంటుంది, మిగులు దాదాపు ఉండదు. పొద్దుటి పూటలూ, వానాకాలం మబ్బు రోజులూ, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆఫీసులు సగం ఖాళీగా ఉండే శనివారాలూ దీని కాలం. అందుకే నాలుగో అంతస్తులో కనిపించిన 3.8 కిలోవాట్లను ఏడాది పొడవునా గుణించడం లేదు. ఏహెచ్‌యూకు సగటున 3 అనుకుందాం. రోజుకు పదకొండు గంటలు, నెలకు ఇరవై ఆరు రోజులు నడిస్తే ఏడాదికి సుమారు 3,400 గంటలు. ఒక్కో ఏహెచ్‌యూకు పది వేల యూనిట్ల పైచిలుకు, ఐదింటికీ కలిపి యాభై వేలు. యూనిట్ ఎనిమిది రూపాయలుగా పట్టుకుంటే నాలుగు లక్షలు. ఫ్యాను లాగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారి అదే గాల్లో కలుస్తుంది, ఆ వేడిని మళ్లీ చిల్లరే తీయాలి. ఫ్యాను తక్కువ తింటే చిల్లర్ మీదా ఆ మేరకు భారం తగ్గుతుంది. దాన్ని ఈ నాలుగు లక్షల్లో కలపలేదు.

ఇప్పుడు బైపాస్ మాట. వీఎఫ్‌డీని బైపాస్ చేస్తే ఫ్యాను నేరుగా 50 హెర్ట్జ్ మీద తిరుగుతుంది. డ్యాంపర్లన్నీ మూసుకుంటున్నా దానికి పట్టదు. డక్టులో ప్రెషరు పెరిగి బాక్సులు బుసకొడతాయి, జాయింట్ల దగ్గర గాలి కారుతుంది. మొదటి అంతస్తు వీఎఫ్‌డీ జులై నుంచి అలాగే ఉంది. కూలింగ్ ఫ్యాను ఒక్కటి పాడైనందుకు మొత్తం పక్కన పెట్టేశారు. ఐదో అంతస్తుది పాడు కాలేదు కానీ తెర మీద AUTO ఉండవలసిన చోట HAND అని ఉంది, 45 దగ్గర బిగించి ఉంది. ఎవరో ఎప్పుడో సర్వీసుకు వచ్చి మార్చి మర్చిపోయారు. వీఎఫ్‌డీలు పెట్టినా మిగల్లేదన్న లెక్కలో ఈ రెండూ కూడా కలిసి ఉన్నాయి.

కమిటీని నేను అడుగుతున్నవి ఇవి. బైపాస్ తీర్మానాన్ని ఆరు నెలలు ఆపండి. మొదటి అంతస్తు వీఎఫ్‌డీకి కూలింగ్ ఫ్యాను తెప్పించండి, ఐదో అంతస్తుదాన్ని నేను రేపే AUTOలోకి మారుస్తాను. ఐదింటికీ కనిష్ఠ ఫ్రీక్వెన్సీని మోటారు పట్టిక చూసి సరిచేయనివ్వండి. బీఎంఎస్ కాంట్రాక్టరును రీసెట్ ప్రోగ్రాం రాయమని అడగండి. మన బాక్సులన్నీ ఇప్పటికే కంట్రోలర్‌తో మాట్లాడుతున్నాయి కాబట్టి కొత్త సామాను ఏమీ అక్కర్లేదు, ప్రోగ్రాం పనే. బిల్లు చెల్లించే ముందు వారం రోజుల గ్రాఫు చూపించమనండి. అందులో సెట్‌పాయింట్ గీత పగలంతా చిన్న చిన్న రంపపు పళ్లలా దిగుతూ ఎక్కుతూ ఉండాలి. పైన తిన్నగా గీసినట్టుంటే ఏదో గది పట్టుకుని లాగుతున్నట్టు. నిమిషాల్లో పైకీ కిందికీ ఊగిపోతుంటే ఫ్యాను కంట్రోలు మరీ చురుగ్గా పెట్టినట్టు. రెండు చోట్లా పని పూర్తి కానట్టే లెక్క.

ఏహెచ్‌యూలకు విడి యూనిట్ల మీటర్లు లేవు. కనీసం నాలుగో అంతస్తుకు, ఇంకా మార్పు చేయని రెండో అంతస్తుకు చెరొకటి పెట్టించండి. రెండూ ఒకే సైజు ఫ్యాన్లు, ఒకే పని గంటలు. నెలాఖరున రెండు అంకెలూ లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద నేనే రాసి పెడతాను.

ఇట్లు,
మీ భవనం ఏసీ ప్లాంటు బాధ్యుడు
విజయవాడ